ఏసీ గంటలు, కరెంటు యూనిట్లు: లీనియర్ రిగ్రెషన్ హోంవర్క్ మొదటి నుంచి చివరిదాకా ఎలా చేయాలి

లీనియర్ రిగ్రెషన్ హోంవర్క్‌లో అడిగేవి మామూలుగా నాలుగు. స్లోప్ ఎంత, ఇంటర్‌సెప్ట్ ఎంత, కోరిలేషన్ ఎంత, వచ్చిన జవాబును బట్టి ఏం చెప్పగలరు? మొదటి మూడూ ఒకే పట్టికలోంచి వస్తాయి. పట్టిక శుభ్రంగా వేసుకుంటే పెద్ద పనేమీ కాదు. నాలుగోది చూడ్డానికి ఒక్క వాక్యం ప్రశ్నే కానీ మార్కులు ఎక్కువగా పోయేది అక్కడే. "x, y ల మధ్య బలమైన ధనాత్మక సంబంధం ఉంది" అని రాసి వదిలేస్తే, ఆ వాక్యం ఏ లెక్కకైనా సరిపోతుంది. మీ లెక్క గురించి అది ఏమీ చెప్పదు.

అందుకే ఒక్క చిన్న పట్టికనే తీసుకుని చివరిదాకా చేద్దాం. మే నెలలో ఒక ఇంట్లో ఆరు రోజులపాటు ఏసీ ఎన్ని గంటలు నడిచిందో, ఆ రోజు మీటరు ఎన్ని యూనిట్లు తిరిగిందో రాసుకున్నారని అనుకోండి. అంకెలు లెక్క కోసం నేను వేసుకున్నవే. హోంవర్క్‌లో ఇచ్చే పట్టికలు కూడా దాదాపు ఇంతే ఉంటాయి.

| ఏసీ నడిచిన గంటలు (x) | ఆ రోజు యూనిట్లు (y) |
|---|---|
| 2 | 8 |
| 3 | 8 |
| 4 | 10 |
| 6 | 11 |
| 7 | 14 |
| 8 | 15 |

ముందుగా x ఏదో, y ఏదో తేల్చుకోండి

ఏది తెలిస్తే ఏది అంచనా వేయాలని అడిగారో చూడండి. తెలిసినది x, అంచనా వేయాల్సింది y. ఇక్కడ ఏసీ ఎన్ని గంటలు వేశామో తెలిస్తే ఎన్ని యూనిట్లు కాలతాయో చెప్పాలి కాబట్టి గంటలు x, యూనిట్లు y. పట్టికలో ఎడమవైపు ఉన్నదల్లా x అనుకోకండి. కొన్ని ప్రశ్నపత్రాల్లో కావాలనే తారుమారు చేసి ఇస్తారు. ఇక్కడ తప్పితే కోరిలేషన్ మాత్రం సరిగ్గానే వస్తుంది, స్లోప్, ఇంటర్‌సెప్ట్ రెండూ వేరే లెక్కవైపోతాయి. ఒక జవాబు సరిపోయింది కదా అని ధైర్యంగా ఉంటారు, అదే ఇబ్బంది.

తర్వాత ఒక చిన్న గ్రాఫ్ గీయండి. అడక్కపోయినా సరే, రఫ్ పేజీలో ఆరు చుక్కలు పెట్టడానికి నిమిషం పట్టదు. చుక్కలు ఎడమ నుంచి కుడికి పైకి ఎక్కుతున్నాయా, దాదాపు గీత మీదే ఉన్నాయా, ఏదైనా చుక్క విడిగా ఎక్కడో పడిందా? ఈ మూడూ చూడాలి. మన ఆరు చుక్కలూ పైకి ఎక్కుతున్నాయి, వంపు పెద్దగా లేదు, దారి తప్పిన చుక్క కూడా లేదు. కాబట్టి స్లోప్ ధన సంఖ్యగా, కోరిలేషన్ 1 దగ్గరలో రావాలని లెక్క మొదలుపెట్టకముందే తెలిసిపోయింది. రేపు లెక్కలో రుణ సంఖ్య వస్తే ఎక్కడో గుర్తు తప్పిందని వెంటనే పట్టుకోవచ్చు.

గ్రాఫ్ గీయమని ఇంతగా చెప్పడానికి ఇంకో కారణం ఉంది. 1973లో ఫ్రాన్సిస్ ఆన్‌స్కోంబ్ అనే స్టాటిస్టీషియన్ నాలుగు పట్టికలు తయారుచేశారు. ఒక్కోదాంట్లో పదకొండేసి జతలు. నాలుగింటికీ గీత ఒకటే, సుమారు y = 3 + 0.5x. కోరిలేషన్ కూడా ఒకటే, దాదాపు 0.816. గ్రాఫ్ గీస్తే మాత్రం ఒకటి మామూలుగా గీత చుట్టూ చెదిరిన చుక్కలు, ఇంకొకటి చక్కటి వంపు, మూడోది సరళరేఖే కానీ ఒక్క చుక్క పక్కకు పోయింది, నాలుగోదాంట్లో పది చుక్కలు ఒకే x దగ్గర నిలువుగా ఉండి, ఒక్క చుక్క దూరంగా ఉండి గీతనంతా తనే లాగుతుంది. అంకెలు చూసి వీటిని వేరుచేయలేం, గ్రాఫ్ చూస్తే చెప్పగలం.

సగటులు, విచలనాలు, మూడు మొత్తాలు

x ల మొత్తం 30. ఆరుతో భాగిస్తే సగటు 5. y ల మొత్తం 66, సగటు 11. ఇప్పుడు ప్రతి x లోంచి 5, ప్రతి y లోంచి 11 తీసేయండి. వచ్చినవే విచలనాలు. వాటిని dx, dy అని రాసుకుందాం. తర్వాత dx వర్గం, dy వర్గం, dx ను dy తో గుణించిన లబ్ధం, ఇలా మూడు వరుసలు వేయండి.

| x | y | dx | dy | dx² | dy² | dx·dy |
|---|---|---|---|---|---|---|
| 2 | 8 | −3 | −3 | 9 | 9 | 9 |
| 3 | 8 | −2 | −3 | 4 | 9 | 6 |
| 4 | 10 | −1 | −1 | 1 | 1 | 1 |
| 6 | 11 | 1 | 0 | 1 | 0 | 0 |
| 7 | 14 | 2 | 3 | 4 | 9 | 6 |
| 8 | 15 | 3 | 4 | 9 | 16 | 12 |
| 30 | 66 | 0 | 0 | 28 | 44 | 34 |

ముందుకెళ్లే ముందు dx వరుస మొత్తం, dy వరుస మొత్తం సున్నా వచ్చాయో లేదో చూడండి. సగటు సరిగ్గా తీస్తే అవి సున్నా కావాల్సిందే. రాకపోతే సగటు తప్పయినా అయ్యుండాలి, తీసివేత తప్పయినా అయ్యుండాలి. ఇంత తేలికైన చెక్ మళ్లీ దొరకదు కాబట్టి వదలకండి.

చివరి నిలువు వరుసను, అంటే dx·dy ని, ఒకసారి నిదానంగా చూడండి. మొదటి రోజు ఏసీ సగటు కంటే 3 గంటలు తక్కువ నడిచింది, యూనిట్లు కూడా సగటు కంటే 3 తక్కువ. రెండు మైనస్‌లు గుణిస్తే ప్లస్ 9. చివరి రోజు ఏసీ 3 గంటలు ఎక్కువ, యూనిట్లు 4 ఎక్కువ, లబ్ధం 12. అంటే రెండూ ఒకే వైపు కదిలిన ప్రతి రోజూ ప్లస్ పడుతుంది. ఒకటి పెరిగి ఇంకొకటి తగ్గిన రోజు ఉంటే మైనస్ పడేది. నాలుగో రోజు యూనిట్లు సరిగ్గా సగటు దగ్గరే ఉన్నాయి కాబట్టి ఆ రోజు ఎటూ ఓటు వేయలేదు. స్లోప్, కోరిలేషన్ ఈ రెండింటి గుర్తునూ నిర్ణయించేది ఈ 34 ఒక్కటే. ఇది ప్లస్ అయితే అవీ ప్లస్, ఇది మైనస్ అయితే అవీ మైనస్.

సగటులు పూర్ణసంఖ్యలుగా రాకపోతే, ఉదాహరణకు 5.1667 లాంటిది వస్తే, విచలనాల పద్ధతిలో దశాంశాలతో నానా తిప్పలూ పడాలి. అప్పుడు ఈ సూత్రాలు వాడండి. dx², dy², dx·dy ల మొత్తాలనే వరుసగా Sxx, Syy, Sxy అని రాస్తారు, n అంటే జతల సంఖ్య. జవాబు అదే వస్తుంది:

```
Sxx = Σx² − (Σx)²/n     = 178 − 900/6   = 28
Syy = Σy² − (Σy)²/n     = 770 − 4356/6  = 44
Sxy = Σxy − (Σx)(Σy)/n  = 364 − 1980/6  = 34
```

ఇక్కడ Σx² కి, (Σx)² కి తేడా గుర్తుంచుకోవాలి. మొదటిది ఒక్కో x ను వర్గం చేసి కూడగా వచ్చేది, ఇక్కడ 178. రెండోది అన్నీ కూడాక వర్గం చేసేది, 900. కంగారులో రెండింటినీ కలిపేస్తే Sxx మైనస్‌లో రావచ్చు. వర్గాల మొత్తం ఎప్పటికీ మైనస్ కాదు కాబట్టి, Sxx గానీ Syy గానీ మైనస్ వచ్చిందంటే అక్కడే ఆగి వెనక్కి చూసుకోండి.

స్లోప్, ఇంటర్‌సెప్ట్

```
b = Sxy / Sxx = 34 / 28 = 1.2143
a = ȳ − b·x̄  = 11 − 1.2143 × 5 = 4.9286
y = 4.93 + 1.21x
```

స్లోప్‌కు హారంలో ఎప్పుడూ x వర్గాల మొత్తమే ఉంటుంది. పొరపాటున 44 తో భాగిస్తే 0.77 వస్తుంది. ఆ అంకెకూ అర్థం ఉంది, కానీ మిమ్మల్ని అడిగిన ప్రశ్నకు అది జవాబు కాదు. దాని సంగతి తర్వాత చూద్దాం.

రౌండింగ్ దగ్గర కాస్త జాగ్రత్త. మధ్యలో స్లోప్‌ను 1.21 అని కుదించి ఇంటర్‌సెప్ట్ వేస్తే 4.95 వస్తుంది, అసలు జవాబు 4.93. తేడా చిన్నదే. కానీ జవాబు పత్రంలో 4.93 ఉండి మీది 4.95 అయితే ఒక్కోచోట మార్కు పోతుంది. x సగటు వందల్లో ఉన్న పట్టికలో అయితే ఇదే కుదింపు ఇంటర్‌సెప్ట్‌ను బాగా పక్కకు లాగేస్తుంది. లెక్క జరిగినంతసేపూ నాలుగు దశాంశాలు ఉంచి, చివరి జవాబులో మాత్రం రెండుకు కుదించండి. లేదంటే 34/28 అని భిన్నంగానే ఉంచి నడపండి, ఇంకా మంచిది.

ఇంటర్‌సెప్ట్ సూత్రం నుంచి ఇంకో చెక్ వస్తుంది. ఈ గీత ఎప్పుడూ సగటుల బిందువు గుండా, అంటే ఇక్కడ (5, 11) గుండా వెళ్తుంది. x = 5 పెట్టి చూస్తే 4.93 + 6.07 = 11. సరిపోయింది.

కోరిలేషన్

కావలసిన మూడు మొత్తాలూ మన దగ్గర ఇప్పటికే ఉన్నాయి. పాఠ్యపుస్తకాల్లో కార్ల్ పియర్సన్ పేరుతో ఉండే గుణకం ఇదే:

```
r  = Sxy / √(Sxx × Syy) = 34 / √(28 × 44) = 34 / 35.10 = 0.969
r² = 0.938
```

r ఎప్పుడూ −1 కి, +1 కి మధ్యే ఉండాలి. 1 దాటిందంటే లెక్క తప్పే. దీనికి మామూలుగా కారణం ఒకటుంది. కొందరు కోవేరియన్స్‌ను, రెండు స్టాండర్డ్ డీవియేషన్‌లను విడివిడిగా వేసి భాగిస్తారు. పద్ధతి సరైనదే. కానీ కోవేరియన్స్‌కు n−1 తో, స్టాండర్డ్ డీవియేషన్‌కు n తో భాగిస్తే గొడవ మొదలవుతుంది. మన పట్టికలో అలా చేస్తే 6.8 ను 5.85 తో భాగించాలి, r 1.16 వస్తుంది. ఇది 1 దాటింది కాబట్టి దొరికిపోతుంది. తిరగేసి కలిపితే, అంటే కోవేరియన్స్‌కు n, డీవియేషన్‌కు n−1 వాడితే 0.81 వస్తుంది. చూడ్డానికి మంచి జవాబులాగే ఉంటుంది, ఎవరికీ అనుమానం రాదు. కాబట్టి రెండు చోట్లా n అయినా వాడండి, లేదా రెండు చోట్లా n−1 అయినా వాడండి. ఏదైనా 0.969 వస్తుంది. నన్నడిగితే మొత్తాలతోనే నేరుగా చేయడం మేలు, అసలు ఆ తలనొప్పే ఉండదు.

గీత ఎంత బాగా కూర్చుందో చూడండి

అడక్కపోయినా చేయమని చెప్పే ఇంకో పని ఇది. ప్రతి x కి గీత చెప్పే y ఎంతో లెక్కేసి, అసలు y లోంచి తీసేయండి. మిగిలేవాటిని రెసిడ్యువల్స్ అంటారు.

| x | అసలు y | గీత చెప్పే y | తేడా |
|---|---|---|---|
| 2 | 8 | 7.36 | 0.64 |
| 3 | 8 | 8.57 | −0.57 |
| 4 | 10 | 9.79 | 0.21 |
| 6 | 11 | 12.21 | −1.21 |
| 7 | 14 | 13.43 | 0.57 |
| 8 | 15 | 14.64 | 0.36 |

తేడాలన్నీ కూడితే సున్నా రావాలి, రౌండింగ్ వల్ల 0.01 అటూ ఇటూ అయితే ఫర్వాలేదు. ఇక్కడ సరిగ్గా సున్నా వచ్చింది. అరకో ఒకటికో ఎక్కువ వస్తే స్లోప్ గానీ ఇంటర్‌సెప్ట్ గానీ తప్పు.

ఈ తేడాలను వర్గం చేసి కూడితే 2.71 వస్తుంది. ఇంకే గీత గీసినా ఈ మొత్తం ఇంతకంటే ఎక్కువే వస్తుంది. ఫ్రెంచ్ గణిత శాస్త్రవేత్త లెజాండ్రే 1805లో ప్రచురించిన కనిష్ఠ వర్గాల పద్ధతి చేసేది అదే: వర్గాల మొత్తం అన్నిటికంటే తక్కువయ్యే గీతను ఎంచుతుంది. మొదట్లో y లలో ఉన్న మొత్తం చెదురు 44. గీత వేశాక మిగిలింది 2.71. అంటే 41.29 మేరకు గీత లెక్క చెప్పేసింది. 41.29 ను 44 తో భాగిస్తే 0.938, అదే మన r². ఇలా రెండో దారిలో కూడా అదే అంకె వస్తే లెక్క మీద ఇక అనుమానం అక్కర్లేదు.

నాలుగో రోజు తేడా −1.21 చూసి, ఇది స్లోప్ అంకెలాగే ఉందే అని కొందరికి అనుమానం రావచ్చు. తప్పేమీ లేదు. ఆ రోజు x సగటు కంటే సరిగ్గా ఒక గంట ఎక్కువ కాబట్టి గీత 1.21 పైకి ఎక్కింది. y మాత్రం సగటు దగ్గరే ఉండిపోయింది.

కాలిక్యులేటర్, ఎక్సెల్‌లో సరిచూసుకోవడం

ఎక్సెల్‌లోనైనా గూగుల్ షీట్స్‌లోనైనా x లు A2 నుంచి A7 వరకు, y లు B2 నుంచి B7 వరకు పెట్టి ఇలా టైప్ చేయండి:

```
=SLOPE(B2:B7, A2:A7)
=INTERCEPT(B2:B7, A2:A7)
=CORREL(B2:B7, A2:A7)
```

SLOPE, INTERCEPT రెండింట్లోనూ y ముందు, x తర్వాత రాయాలి. తిరగేస్తే ఎర్రర్ ఏమీ చూపించదు, నిశ్శబ్దంగా 0.7727 ఇచ్చేస్తుంది. CORREL కి మాత్రం వరుసతో పని లేదు.

సైంటిఫిక్ కాలిక్యులేటర్‌లో గీత మామూలుగా A + BX అని ఉంటుంది. అక్కడ A ఇంటర్‌సెప్ట్, B స్లోప్. మీ పుస్తకంలో y = ax + b అని ఉంటే అక్షరాలు తారుమారవుతాయి. అక్షరం చూసి కాకుండా, x పక్కన ఉన్నది స్లోప్ అని గుర్తుపెట్టుకుంటే చాలు. పరీక్షకు ముందు, పాత లెక్కల డేటా చెరిపేయడం కూడా మరచిపోవద్దు. మిగిలిపోయిన ఒక్క జత చాలు, జవాబు అంతా పాడవడానికి. కాలిక్యులేటర్ చూపించే n మీ పట్టికలో ఉన్నన్ని జతలేనా అని చూస్తే తెలిసిపోతుంది.

ఇప్పుడు అసలు ప్రశ్న: దీనికి అర్థం ఏమిటి?

స్లోప్ 1.21 అని రాసి ఆపకండి. స్లోప్‌కు ప్రమాణాలు ఉంటాయి. y ప్రమాణం కింద x ప్రమాణం, అంటే ఇక్కడ గంటకు 1.21 యూనిట్లు. వాక్యం ఇలా ఉండాలి: "ఏసీ ఒక గంట ఎక్కువ నడిచిన రోజున యూనిట్లు సగటున 1.21 ఎక్కువగా ఉన్నాయి." ఇందులో "సగటున" అన్న మాట ముఖ్యం. రెండో రోజు మొదటి రోజు కంటే గంట ఎక్కువే నడిచినా యూనిట్లు 8 దగ్గరే ఉన్నాయి కదా.

ఈ అంకె నమ్మేలా ఉందో లేదో కూడా చూడవచ్చు. ఒక యూనిట్ అంటే ఒక కిలోవాట్ చొప్పున గంటసేపు వాడిన కరెంటు. గంటకు 1.21 యూనిట్లంటే సగటున 1.21 కిలోవాట్లు. ఇంట్లో వాడే ఏసీకి అది సహజమైన అంకే. అదే 12 వచ్చి ఉంటే దశాంశం ఎక్కడో జారిందని అనుకోవాలి. హోంవర్క్‌లో ఇలా ఒక్క వాక్యం రాస్తే, మీరు సూత్రం ఒక్కటే బట్టీ పట్టలేదని తెలుస్తుంది.

గంటల బదులు నిమిషాల్లో రాసుకుంటే ఏమవుతుంది? స్లోప్ 60వ వంతై 0.0202 అవుతుంది. ఇంటర్‌సెప్ట్ 4.93 గానే ఉంటుంది, r కూడా 0.969 గానే ఉంటుంది. కాబట్టి స్లోప్ చిన్న అంకె అయితే సంబంధం బలహీనమని రాయడం తప్పు. బలం చెప్పేది r, వేగం చెప్పేది స్లోప్. ఈ రెండింటినీ కలిపేసిన జవాబులు చాలా కనిపిస్తుంటాయి.

ఇంటర్‌సెప్ట్ 4.93 అంటే ఏసీ అసలు వేయని రోజు గీత చెప్పే యూనిట్లు. ఫ్రిజ్, ఫ్యాన్లు, లైట్లు, టీవీ, నీళ్ల మోటారు కలిపి రోజుకు ఐదు యూనిట్లు కాలడం మామూలే కాబట్టి ఇక్కడ దీనికి అర్థం ఉంది. అన్ని లెక్కల్లోనూ ఇలా ఉండదు. మనుషుల ఎత్తు నుంచి బరువు అంచనా వేసే లెక్కలో ఇంటర్‌సెప్ట్ అంటే సున్నా ఎత్తున్న మనిషి బరువు. అలాంటి చోట "x సున్నా కావడం కుదరదు కాబట్టి ఇంటర్‌సెప్ట్‌కు విడిగా అర్థం లేదు, గీతను సరైన ఎత్తులో నిలబెట్టడానికి మాత్రమే కావాలి" అని రాయాలి. మన పట్టికలో కూడా అన్నిటికంటే తక్కువ x 2. సున్నా గంటల రోజు ఒక్కటీ లేదు. కాబట్టి 4.93 మనం కొలిచినది కాదు, గీతను కాస్త వెనక్కి పొడిగిస్తే వచ్చినది. ఆ సంగతి జవాబులో ఒక మాట చెప్పండి.

ముందుకు పొడిగించినప్పుడు ఇదే ఇబ్బంది ఇంకా ఎక్కువ. 5 గంటలకు అంచనా అడిగితే 11 యూనిట్లు, ధైర్యంగా రాయవచ్చు, ఎందుకంటే 5 అనేది 2 కి 8 కి మధ్యే ఉంది. 20 గంటలకు అడిగితే గీత 29.2 అంటుంది. కానీ పట్టికలో 8 దాటి ఒక్క రోజూ లేదు. రాత్రంతా వేస్తే గది చల్లబడి కంప్రెసర్ మాటిమాటికీ ఆగుతుంది, గంటకు కాలే కరెంటు తగ్గిపోవచ్చు. అడిగితే అంచనా వేయండి, వేసి "ఇది పట్టిక పరిధి దాటింది, నమ్మదగింది కాదు" అని పక్కనే రాయండి.

ఇక r = 0.969. దీన్ని 97 శాతం అని చదవకండి. శాతంగా చెప్పాల్సింది r². "రోజుకూ రోజుకూ యూనిట్లలో కనిపించే తేడాలలో దాదాపు 94 శాతం ఏసీ గంటలతో సరళరేఖా సంబంధం ద్వారా వివరించవచ్చు" అన్నది సరైన వాక్యం. మిగతా 6 శాతం వాషింగ్ మెషిన్ వేసిన రోజు, ఇస్త్రీ చేసిన రోజు లాంటివి. మీటరు చదివే తీరు కూడా అందులో కలుస్తుంది. దశాంశాలు వదిలేసి పూర్ణ యూనిట్లే రాసుకుంటే ఒక్కో రోజు లెక్కలో దాదాపు ఒక యూనిట్ వరకు తేడా రావచ్చు. మన రెసిడ్యువల్స్ చాలావరకు ఆ లోపలే ఉన్నాయి.

ఆరు జతలే ఉన్నప్పుడు r పెద్దగా రావడం యాదృచ్ఛికంగా కూడా జరగవచ్చు. అందుకే ఎన్ని జతలకు r కనీసం ఎంత ఉండాలో చెప్పే పట్టికలుంటాయి. 5 శాతం స్థాయిలో, ఆరు జతలకు r కనీసం 0.811 దాటితేనే లెక్కలోకి తీసుకుంటారు. మనది దాటింది. ఇదే ఆరు జతలకు 0.6 వచ్చి ఉంటే "మధ్యస్థ సంబంధం" అని గొప్పగా రాయడానికి వీలుండేది కాదు.

కారణం గురించి కూడా ఒక మాట రాయాలి. ఏసీ వేస్తే కరెంటు కాలుతుందని అందరికీ తెలుసు, కాబట్టి ఇక్కడ కారణం ఉందనడంలో సందేహం లేదు. కానీ ఆ సంగతి మనకు తెలిసింది ఏసీ గురించి తెలిసినందువల్ల, r వల్ల కాదు. పైగా ఎండ మండిపోయే రోజునే ఏసీ ఎక్కువసేపు వేస్తారు. ఆ రోజున ఫ్యాన్లూ ఎక్కువ తిరుగుతాయి, ఫ్రిజ్ కూడా ఎక్కువ శ్రమపడుతుంది. వాటి వాటా కూడా 1.21 లో కలిసిపోయి ఉంటుంది. కాబట్టి "ఈ ఏసీ గంటకు 1.21 యూనిట్లు తాగుతుంది" అని తేల్చి చెప్పలేం. "ఏసీ గంట పెరిగిన రోజున ఇంటి మొత్తం వాడకం సగటున 1.21 పెరిగింది" అనే చెప్పగలం.

యూనిట్ల నుంచి గంటలు అడిగితే

డిగ్రీ ప్రశ్నపత్రాల్లో రెండు రిగ్రెషన్ రేఖలూ అడుగుతుంటారు. "14 యూనిట్లు కాలిన రోజు ఏసీ ఎన్ని గంటలు నడిచి ఉంటుంది?" అన్న ప్రశ్నకు ఇప్పటిదాకా వేసిన గీతను తిప్పి రాస్తే 7.47 గంటలు వస్తుంది. అది సరైన పద్ధతి కాదు. మన గీత నిలువు తేడాలను, అంటే యూనిట్లలో తప్పును తగ్గించడానికి వేసినది. గంటలు అంచనా వేయాలంటే గంటల్లో తప్పును తగ్గించే గీత కావాలి. ఇందాక పక్కన పెట్టిన 0.77 కి పని పడేది ఇక్కడే:

```
b′ = Sxy / Syy = 34 / 44 = 0.7727
x = 0.7727y − 3.5
y = 14 అయితే x = 7.32
```

రెండు స్లోప్‌లూ గుణిస్తే r² రావాలి. 1.2143 × 0.7727 = 0.938. వచ్చింది. ఈ లబ్ధం 1 దాటినా, రెండు స్లోప్‌ల గుర్తులు వేర్వేరుగా ఉన్నా ఎక్కడో తప్పు జరిగినట్టే. r కి గుర్తు పెట్టేటప్పుడు కూడా వర్గమూలం తీసి ఊరికే ప్లస్ పెట్టేయకండి. రెండు స్లోప్‌లకూ ఏ గుర్తుందో అదే పెట్టాలి.

ఒక్క రోజు మారితే

చిన్న పట్టికల్లో ఒక్క జత ఎంత పని చేస్తుందో చూపిస్తాను. మొదటి రోజు ఏసీ 2 గంటలే నడిచింది కానీ ఇంట్లో చుట్టాలు దిగారు, గీజరు, మోటారు, గ్రైండరు, వాషింగ్ మెషిన్ అన్నీ తిరిగాయి, 8 బదులు 14 యూనిట్లు కాలాయి అనుకోండి. మిగతా ఐదు రోజులు అలాగే ఉంచండి. ఇప్పుడు y సగటు 12, Sxy 16, Syy 38. Sxx మారదు, 28 గానే ఉంటుంది. స్లోప్ 0.57 కి పడిపోతుంది, సగం కూడా లేదు. ఇంటర్‌సెప్ట్ 9.14 కి ఎగబాకుతుంది. r అయితే 0.97 నుంచి 0.49 కి వచ్చేస్తుంది, 0.811 దరిదాపుల్లో కూడా లేదు.

ఒక్క చుక్క ఇంత చేయగలగడానికి కారణం అది x లలో చివర ఉండటం. సగటుకు దూరంగా ఉన్న జతకు dx పెద్దది, అందువల్ల గీతను లాగే బలమూ ఎక్కువ. x సగటు దగ్గరున్న రోజు, అంటే 4 గంటలదో 6 గంటలదో, ఇదే ఆరు యూనిట్లు ఎక్కువ వచ్చి ఉంటే r పడిపోయేది కానీ స్లోప్ పెద్దగా కదిలేది కాదు.

హోంవర్క్‌లో ఇలాంటి చుక్క కనిపిస్తే ఏం చేయాలి? ముందు ప్రశ్నపత్రంతో సరిచూసుకోండి, 15 ని 51 అని దించుకోవడం చాలామందికి జరిగేదే. దించుకోవడం సరిగ్గానే ఉంటే ఆ జతను చెప్పకుండా తీసేయకండి. అన్ని జతలతో ఒకసారి, అది లేకుండా ఒకసారి చేసి, రెండు జవాబులూ పక్కపక్కన రాసి, ఎందుకు తేడా వచ్చిందో రెండు వాక్యాల్లో చెప్పండి. తీసేయాలంటే కారణం ఉండాలి. చుట్టాలు వచ్చారన్నది కారణమే, ఎందుకంటే ఆ రోజు కాలిన కరెంటు ఏసీది కాదు. గీతకు దూరంగా ఉందన్నది మాత్రం కారణం కాదు.